ఫేడర్లు మన చేతికి వచ్చే గేములు

ప్రశ్న: "రాయగడ నుంచి రాస్తున్నానండీ. పదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఈ మధ్యే మంచి ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ కొన్నాను, వైరుది. గేముల్లో సంగీతం వింటే వదిలిపెట్టవని మా తమ్ముడు ఒకటే పోరు. వాడి పీఎస్4 ఇంట్లోనే ఉంది. నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. నాకు ఆడటం పెద్దగా రాదు. సంగీతం కోసమే అయితే దేనితో మొదలెట్టాలి?"

అవుటర్ వైల్డ్స్‌తో మొదలెట్టండి. పీఎస్4లో ఉంది. శత్రువుల్ని కాల్చే పని లేదు, పాయింట్లు లేవు, ఎవరితోనూ పోటీ లేదు. చిన్న అంతరిక్ష నౌకలో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతూ, పాత రాతలు చదువుతూ, అసలు ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకోవడమే ఆట. నౌక నడపడం మొదట్లో చిరాకు పెడుతుంది, గుద్దుకుంటారు, చచ్చిపోతారు. పరవాలేదు, చచ్చిపోవడం ఈ ఆటలో మామూలే.

దీన్నే ఎందుకు చెబుతున్నానంటే, నేను పర్లాకిమిడిలో పదిహేనేళ్ళుగా పెళ్ళిళ్ళకీ జాతర్లకీ సౌండ్ సెట్టు నడుపుతున్నాను. మీ ఊరి మజ్జిగౌరమ్మ చైత్ర పండక్కి కూడా ఓసారి సామాను వేసుకొచ్చాను. మిక్సర్ ముందు కూర్చునేవాడికి సంగీతం ఒక పాటలా వినపడదు, ఛానెళ్ళుగా వినపడుతుంది. ఇది డోలు, ఇది సన్నాయి, ఇది శ్రుతి. ఆ వినికిడి అందరి చేతికీ ఇచ్చిన గేము నాకు తెలిసి ఇదొక్కటే. వయొలిన్ నేర్చుకున్నవారు కాబట్టి మీకు నాకంటే బాగా పట్టుబడుతుంది.

ఆ సౌరకుటుంబంలో ఐదుగురు యాత్రికులు వేరువేరు చోట్ల స్థిరపడి ఉంటారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వాద్యం. లోపల్లోపలికి కూలిపోతున్న గ్రహం మీద ఒకరు బాంజో మీటుతుంటారు. ఇసుక ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి కారుతుండే జంట గ్రహాల్లో ఒకదాని మీద ఒకరు డ్రమ్ములు వాయిస్తుంటారు. సముద్రం, సుడిగాలులు తప్ప ఏమీ లేని గ్రహంలో ఒకాయన ఉయ్యాల మంచంలో పడుకుని ఫ్లూటు ఊదుతుంటాడు. ఆటలో మీరు బయల్దేరే ఊరి పైన తిరిగే చందమామ మీద ఒక ముసలాయన ఈల వేస్తుంటాడు. ఐదోది హార్మోనికా. అది వాయించే మనిషి ఎక్కడున్నాడో ఊళ్ళో ఎవరికీ తెలీదు, పోయాడనే అనుకుంటుంటారు.

మీ చేతిలో సిగ్నల్‌స్కోప్ అనే పరికరం ఉంటుంది. చూడ్డానికి దుర్భిణిలా ఉంటుంది కానీ పనిచేసేది వినడానికి. పాత రేడియోలో జయపురం స్టేషనుకీ విశాఖపట్నం స్టేషనుకీ మధ్య ముల్లు తిప్పుతుంటే గరగర లోంచి పాట తేలుతుంది చూడండి, అచ్చం అలాగే. ఆకాశంలో ఒక చుక్క మీద పెడితే బాంజో ఒక్కటే వినపడుతుంది. కాస్త పక్కకి జరిపితే బాంజో సన్నగిల్లి డ్రమ్ములు పైకి వస్తాయి. ఊళ్ళో పిల్లలు దాగుడుమూతలకి రమ్మంటారు, ఆ ఆటలోనే దీన్ని వాడటం వచ్చేస్తుంది. తప్పించుకోకుండా ఆడండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఐదుగురూ వాయిస్తున్నది ఒకే పాట. విడివిడిగా వింటే ఒక్కోటీ సగం సగంగా, ఎవరికో జవాబు చెబుతున్నట్టు ఉంటుంది. నౌకలో సూర్యుడికి బాగా దూరంగా, గ్రహాలన్నీ వెనక చిన్న చుక్కలైపోయేంత దూరం వెళ్ళి, వెనక్కి తిరిగి సిగ్నల్‌స్కోప్ పెట్టండి. దగ్గర్లో ఉన్నప్పుడు తలో దిక్కున ఉన్నవి దూరం నుంచి చూసేసరికి ఒకే వైపుకి చేరతాయి. అప్పుడు బాంజో, డ్రమ్ములు, ఫ్లూటు, ఈల, హార్మోనికా అన్నీ కలిసి ఒక్క తాళానికి వినిపిస్తాయి. ఒకరినొకరు చూసుకోలేనంత దూరంలో కూర్చుని కచేరీ చేస్తున్నారన్నమాట. నేను మొదటిసారి విన్నప్పుడు కంట్రోలర్ ఒళ్ళో పెట్టేసి అలా కూర్చుండిపోయాను. నౌక వెళ్ళి ఎక్కడో గుద్దుకుంది.

లోపల జరిగే పని నా మిక్సర్ మీద జరిగేదే. దీన్ని పొరల సంగీతం అనుకోండి. వాద్యాల ట్రాకులన్నీ ఒకే క్షణాన మొదలై, వినపడినా వినపడకపోయినా పక్కపక్కనే నడుస్తుంటాయి. గేము చేసేది ఫేడర్లు, అంటే ఒక్కో ఛానెల్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలు, పైకీ కిందికీ జరపడమే. మీరు ఎటు చూస్తే ఆ ఫేడరు లేస్తుంది. ట్రాకు మధ్యలో మొదలెట్టడం, ఆపడం ఉండదు కాబట్టి తాళం తప్పదు. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1998లో వచ్చిన బాంజో-కజూయీ అనే పిల్లల గేములో గ్రాంట్ కర్క్‌హోప్ ఇదే చేశాడు. మంత్రగత్తె కోటలో నడుస్తుంటే ఏ లోకం గుమ్మం దగ్గరికి వెళ్తే ఆ లోకానికి తగిన వాద్యాలతో అదే పాట నడుస్తుంటుంది. తేడా ఏంటంటే అక్కడ ఫేడరు జరిపేది మీ నడక. అవుటర్ వైల్డ్స్‌లో జరిపేది మీ చెవి. ఏది వినాలో మీరు ఎంచుకుంటే గాని వినపడదు.

హెడ్‌ఫోన్ ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తుంది. టీవీ స్పీకరులో రెండు వాద్యాలు కలిసే చోట ముద్దగా ఉంటుంది. ఊరేగింపు రెండు వీధుల అవతల ఉండగా మనకి ముందు డోలు దెబ్బే తెలుస్తుంది, సన్నాయి తర్వాత వస్తుంది. టీవీలో అన్నీ ఆ రెండు వీధుల అవతల ఉన్నట్టే. మీ హెడ్‌ఫోన్‌లో అయితే బాంజో తీగ మీద గోరు తగిలే చప్పుడు, ఫ్లూటులో గాలి కూడా వేరుగా వినపడాలి. సిగ్నల్‌స్కోప్‌ని బాంజోకీ డ్రమ్ములకీ సరిగ్గా మధ్యలో నిలబెట్టి చూడండి. రెండూ సగం సగం వినిపిస్తూ, దేని మీద మనసు పెడితే అది ముందుకొస్తుంటే మీ హెడ్‌ఫోన్ సెటప్ సరిగ్గా ఉన్నట్టే. బొంయ్‌మని ఒకటే ముద్దలా ఉంటే ఎక్కడో తేడా ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

ఇంకో రెండు మాటలు, కథ చెప్పకుండా. హార్మోనికా కోసం వెతికేటప్పుడు అది రెండు దిక్కుల నుంచి వినిపిస్తుంది. మీ హెడ్‌ఫోన్ తప్పు కాదు, గేము తప్పూ కాదు. రెండో దిక్కు మీ సొంత గ్రహం మీదే. ఎందుకో మీరే తేల్చుకోండి, అది ఆటలో పెద్ద మలుపు. రెండోది, ఈ ఆట 22 నిమిషాలకోసారి మళ్ళీ మొదటికొస్తుంది. టైము అయిపోతోందని తెరమీద గడియారం చెప్పదు, సంగీతం చెబుతుంది. ఒక నెమ్మదైన బాణీ మీ చుట్టూ మెల్లగా కమ్ముకుంటుంది. మూడోసారో నాలుగోసారో వినేసరికి, తెర వైపు చూడకుండానే "అయిపోయింది" అని అర్థమైపోతుంది. సంగీతం ఆండ్రూ ప్రాలో చేశాడు. రాగాలూ గమకాలూ వెతక్కండి, అవి ఉండవు. నాలుగు ముక్కల చిన్న పల్లవి, అంతే. దాన్ని ఎక్కడ, ఎంత దూరం నుంచి వినిపించాలో తెలిసినవాడు చేసిన పని అది.

ఇక వైరు సంగతి. ఇది సరిగ్గా చదవండి, నేను దీని వల్లే ఒక సాయంత్రం పాడుచేసుకున్నాను.

పీఎస్4కి మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలవదు. మీది వైరుది కాబట్టి ఆ గొడవ లేదు, కంట్రోలర్ కింద 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది, అందులో పెట్టండి. పెద్ద పిన్ను ఉంటే అడాప్టర్ కావాలి. నేను పెట్టిన రోజు గేము శబ్దం హెడ్‌ఫోన్‌లోకి రాలేదు, టీవీలోంచే వస్తోంది. కేబుల్ పోయిందనుకున్నాను. రోజూ కేబుళ్ళు అతికే చెయ్యి కదా, ఊరుకోలేదు. పిన్ను కత్తిరించి, కొత్త పిన్ను తెచ్చి, టంకం పెట్టి అతికాను. అయినా రాలేదు. అప్పుడు నా మేనల్లుడు వచ్చి సెట్టింగుల్లో ఒక్క లైను మార్చాడు. మైకున్న హెడ్‌సెట్ అనుకుని, ఆన్‌లైన్లో కలిసి ఆడేవాళ్ళ మాటలు మాత్రమే పంపేలా అది ముందే పెట్టి ఉంటుంది. మీరు ఇలా వెళ్ళండి:

```
Settings > Devices > Audio Devices
Output to Headphones : All Audio
```

అక్కడ `Chat Audio` అని ఉంటే `All Audio` చెయ్యండి. టీవీ దానంతట అదే ఊరుకుంటుంది. అదే పేజీలో హెడ్‌ఫోన్ వాల్యూమ్ కూడా ఉంటుంది.

వాల్యూమ్ చివరిదాకా పెంచినా శబ్దం పల్చగా, దూరంగా ఉంటే మీ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ చూడండి. డబ్బా మీద ఓమ్ అని రాసి ఉంటుంది. 32 ఓమ్‌లైతే సాధారణంగా కంట్రోలర్ లాక్కొస్తుంది. 250, 300 ఓమ్‌ల రకమైతే ఆ చిన్న జాక్‌కి ఊపిరి చాలదు. బాస్ నీరసంగా ఉంటుంది, డ్రమ్ముల దెబ్బ కాగితం మీద కొట్టినట్టుంటుంది. అప్పుడు చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి కావాలి. చాలామంది టీవీ వెనక ఉండే హెడ్‌ఫోన్ అవుట్ నుంచి ఆంప్‌కి వైరు లాగుతారు, అది చాలు. ఖరీదైనది కొనకండి, ముందు మీ సంగీతం మాస్టారి దగ్గరో రికార్డింగు చేసేవాళ్ళ దగ్గరో అడిగి తెచ్చి పెట్టి చూడండి.

ముద్దగా వినపడటానికి ఎక్కువసార్లు కారణం మాత్రం వేరు. సరౌండ్ అనో, త్రీడీ అనో, బాస్ బూస్ట్ అనో ఎవరో ఎక్కడో ఆన్ చేసి ఉంటారు. టీవీలోనో, ఆంప్‌లోనో, లాప్‌టాప్‌లోనో. హెడ్‌ఫోన్‌కి రెండే ఛానెళ్ళు. ఏ దిక్కు శబ్దం ఏ చెవిలో ఎంత ఉండాలో గేము ముందే లెక్కకట్టి పంపుతుంది, దాని మీద ఇంకొకరు లెక్కకడితే గుడిలో మైకు పెట్టినట్టు ప్రతిధ్వని వస్తుంది. అన్నీ ఆపేసి మామూలు స్టీరియోలో వినండి. గేము ఆడియో మెనూలో మ్యూజిక్ పెంచి, ఎఫెక్ట్స్ తగ్గించాలనిపిస్తుంది. అదీ వద్దు. ఈ గేములో సంగీతం, పరిసరాల శబ్దం ఒకదాంట్లో ఒకటి కలిసి ఉంటాయి. మీ నౌకలో ఇంజను ఆగిపోయి అంతా నిశ్శబ్దం అయ్యాక దూరం నుంచి ఈల వినపడటంలోనే ఉంది మజా అంతా.

ఓపెన్‌బ్యాక్ కదా, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. మే నెలలో మన వైపు ఫ్యాను ఆపి కూర్చోలేం, ఆ గాలి చప్పుడుకి ఫ్లూటు మొదటి స్వరాలు పోతాయి. పోయాయని వాల్యూమ్ పెంచకండి, తర్వాత సుడిగాలి శబ్దం వచ్చినప్పుడు చెవులు గింగిర్లెత్తుతాయి. టేబుల్ ఫ్యాను ఉంటే కాళ్ళ వైపు పెట్టుకోండి.

ఇది పూర్తయ్యాక, అంటే నెల పట్టొచ్చు, రెండోదిగా ట్రాన్సిస్టర్ పెట్టండి. 2014లో వచ్చింది, సంగీతం డారెన్ కోర్బ్, పాడింది ఆష్లీ బారెట్. కథానాయిక రెడ్ ఒక గాయని, ఆమె గొంతు పోతుంది. ఆట దాదాపు మొత్తం మాట్లాడదు. కానీ ఒక బటన్ నొక్కి పట్టుకుంటే, ఆ సమయానికి నడుస్తున్న పాటకి తగ్గట్టు కూనిరాగం తీస్తుంది. బటన్ వదిలితే ఆపేస్తుంది. దారంతా ఊరికే నిలబడి ఆమెతో కూనిరాగం తీయించడమే నేను చేసింది, శత్రువుల్ని కొట్టింది తక్కువ.

పోరాటంలో టైము ఆపి ఆలోచించుకునే సదుపాయం ఉంది. ఆపగానే పాట గోడ అవతలికి వెళ్ళిపోయినట్టవుతుంది. పక్కింట్లో పెళ్ళి పాటలు పెట్టినప్పుడు మనకి బాస్ ఒక్కటే వినపడి తాళాలు, గొంతు మాయమవుతాయి కదా, అదే ఇది. పై స్వరాలని కోసేసే ఫిల్టరు వేస్తారు. ఆ కోసేసిన ఖాళీలోకి రెడ్ కూనిరాగం వచ్చి కూర్చుంటుంది. టైము మళ్ళీ నడవగానే గోడ తీసేసినట్టు పాట మొత్తం మీద పడుతుంది. మామూలు ఇయర్‌ఫోన్‌లో ఇది వాల్యూమ్ తగ్గి పెరిగినట్టే ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఏది పోయింది, ఏది మిగిలింది అని లెక్కపెట్టొచ్చు. ఆట కొంచెం తలనొప్పి పెడుతుంది, మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకోండి.

నీర్: ఆటోమేటా గురించి మీ తమ్ముడు తప్పకుండా చెబుతాడు. సంగీతం గొప్పదే, కెయిచి ఒకాబే బృందం చేసింది, 2017. ప్రతి బాణీకీ నెమ్మదిది, జోరుది, గొంతుతో ఉన్నది, లేనిది అని రకాలు చేసి, సందర్భాన్ని బట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుస్తారు. హ్యాకింగ్ చేసే చోట నడుస్తున్న పాటే పాతకాలపు వీడియోగేము బీప్‌లలోకి మారిపోతుంది, బయటికి రాగానే మళ్ళీ వాద్యాలు వచ్చేస్తాయి. కానీ కొట్లాట ఎక్కువ, గేము పెద్దది, ఒకసారి అయిపోయిందనుకున్నాక కూడా మళ్ళీ మళ్ళీ ఆడాలి. ఆడటం రానివారికి మొదటి గేముగా నేనివ్వను. తమ్ముడు ఆడుతుంటే మీరు హెడ్‌ఫోన్ పెట్టుకుని పక్కన కూర్చోండి, అదే మంచి ఏర్పాటు. వాడికి టీవీ శబ్దం ఉండదని గొడవ పడతాడు, అది మీ ఇంటి విషయం.

క్రిప్ట్ ఆఫ్ ది నెక్రోడ్యాన్సర్ అని ఇంకోటి ఉంది, తాళానికి తగ్గట్టు అడుగు వెయ్యాలి. నేలమాళిగలో ఎక్కడో ఒక కొట్టు ఉంటుంది, ఆ కొట్టువాడు నడుస్తున్న పాటకే గొంతు కలిపి పాడుతుంటాడు. దగ్గరికి వెళ్ళే కొద్దీ గొంతు పెరుగుతుంది, దాన్ని పట్టుకుని కొట్టు వెతుక్కోవచ్చు. తాళజ్ఞానం ఉన్నవారు కాబట్టి మీకు నచ్చొచ్చు. ఒక్క జాగ్రత్త: దీన్ని ఎప్పుడైనా లాప్‌టాప్‌లో, బ్లూటూత్ మీద ఆడకండి. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యంగా చేరడం మామూలు. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే అర సెకను. మీరు సరిగ్గానే వేస్తారు, గేము తప్పు అంటుంది. మృదంగం వాళ్ళకి కోపం వచ్చే రకం తప్పు. సెట్టింగుల్లో ఆలస్యాన్ని సరిచేసుకునే వీలు ఉంది, వైరుతో ఆడితే ఆ అవసరమే చాలావరకు ఉండదు.

డిస్కుల సంగతి మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది, సెకండ్‌హ్యాండువి బరంపురంలో అడిగి చూడమనండి. నీర్ మాత్రం డౌన్‌లోడ్ చేస్తే డేటా బోలెడు తింటుంది, మిగతావి అంత కాదు.

చివరగా, అవుటర్ వైల్డ్స్ పాటల ఆల్బమ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, మీ హెడ్‌ఫోన్‌లో ఇవాళే పెట్టుకుని వినాలనిపిస్తుంది. వినకండి. అందులో "ట్రావెలర్స్" అనే ట్రాకులో ఐదు వాద్యాలూ కలిపేసి ఇచ్చారు. అది ముందే వినేస్తే, అంత దూరం నౌకేసుకెళ్ళి వెనక్కి తిరిగి వినాల్సింది ఏమీ మిగలదు. ఆట పూర్తయిన రోజు రాత్రి పెట్టుకోండి. మీకు ముందు దొరికేది బాంజోనా, ఈలా అన్నది ఇక్కడ రాయండి. నాకైతే ఈల.